పేస్ట్ చేసిన ముఖం చుట్టూ తెల్లగీత, నల్లగీత: డీఫ్రింజ్ ఎంత, కాంట్రాక్ట్ ఎక్కడ?

ప్రశ్న: గ్రూప్ ఫోటోలో ఒకరు కళ్లు మూసుకున్నారు. అదే మనిషిది తెల్ల గోడ ముందు తీసిన ఇంకో ఫోటోలోంచి ముఖం కట్ చేసి ఫోటోషాప్‌లో పేస్ట్ చేశాను. సెలెక్షన్‌కి ఫెదర్ 2 పెట్టాను. ఇప్పుడు జుట్టు చుట్టూ తెల్లటి గీత, దవడ కింద నల్లటి గీత కనిపిస్తున్నాయి. డీఫ్రింజ్ 5 పెడితే జుట్టు ప్లాస్టిక్‌లా అయిపోతోంది. కాంట్రాక్ట్ 3 పెడితే చెవులు కోసేసినట్టు ఉన్నాయి. రెండింటిలో ఏది వాడాలి?

జవాబు:

రెండూ వాడాలండి, కాకపోతే ఒకే చోట కాదు. దవడ, చెంప, చెవి లాంటి చర్మపు అంచులకి కాంట్రాక్ట్ పనికొస్తుంది. జుట్టుకి పనికొచ్చేది రంగు దిద్దడం మాత్రమే, అక్కడ అంచుని లోపలికి జరపకూడదు. మీరు రెండు కమాండ్లనీ మొత్తం ముఖం మీద ఒకేసారి, పెద్ద అంకెలతో నడిపారు కాబట్టి ఒకటి జుట్టుని పాడుచేసింది, ఇంకొకటి చెవుల్ని తినేసింది.

ముందు ఆ గీత ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. అది తెలిస్తే ఏ అంకె పెట్టాలన్న అనుమానం దానంతట అదే తీరిపోతుంది.

ఫోటోలో జుట్టు చివర ఉన్న పిక్సెల్ పూర్తిగా జుట్టూ కాదు, పూర్తిగా గోడా కాదు. సగం అది, సగం ఇది. వెలుతురు లెక్కలో 0 నలుపు, 255 తెలుపు. జుట్టు విలువ 30, గోడ విలువ 225 అనుకోండి. సరిహద్దు పిక్సెల్ దాదాపు 128 దగ్గర ఉంటుంది. మీరు కట్ చేసినప్పుడు ఫోటోషాప్ ఆ పిక్సెల్‌కి 50 శాతం పారదర్శకత ఇస్తుంది గానీ, దాని రంగుని మాత్రం 128 గానే ఉంచేస్తుంది. అంటే పాత గోడ ఆ పిక్సెల్ లోపలే ఉండిపోయింది. దాన్ని 40 విలువ ఉన్న ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టినప్పుడు, నిజానికి రావాల్సింది 30కీ 40కీ మధ్య 35. వచ్చేది 128కీ 40కీ మధ్య 84. దాదాపు 50 మెట్లు ఎక్కువ వెలుతురు. అదే మీకు కనిపిస్తున్న తెల్లగీత.

ఇదే లెక్క చెంప దగ్గర వేయండి. చర్మం 200, గోడ 225. సరిహద్దు పిక్సెల్ 212. కొత్త బ్యాక్‌గ్రౌండ్ మీద రావాల్సింది 120, వచ్చేది 126. ఆ ఆరు మెట్ల తేడా కంటికి ఆనదు. అందుకే మీ ఫోటోలో తెల్లగీత జుట్టు చుట్టూ మాత్రమే ఉంది, చెంపల పక్కన లేదు. దవడ కింద కథ తిరగబడింది. పాత ఫోటోలో దవడకి ఆనుకుని ఉన్నది గోడ కాదు, గడ్డం కింది నీడో, ముదురు కాలరో అయ్యుంటుంది. ఆ నలుపు అంచు పిక్సెళ్లలో కలిసిపోయింది. దాన్ని వెలుతురు పడిన మెడ మీద పెట్టేసరికి నల్లగీత తేలింది.

అందుకే Layer > Matting మెనూలో కనిపించే Remove White Matte మీకు అక్కరకు రాదు. పేరు చూసి చాలామంది ముందు దాన్నే నొక్కుతారు. అది పాత బ్యాక్‌గ్రౌండ్ అన్నివైపులా స్వచ్ఛమైన తెలుపు, అంటే 255, అని అనుకుని వెనక్కి లెక్క వేస్తుంది. మీ గోడ 225 కాబట్టి, జుట్టు అంచు 30కి రావాల్సింది పోయి 0 దగ్గరికి పడిపోతుంది. దవడ దగ్గర అసలు తెలుపే లేదు, ఉన్న నలుపులోంచి ఇంకా తెలుపుని తీసేయబోయి అంచుని కటిక నలుపు చేస్తుంది. Remove Black Matte కూడా అంతే, తిరగేసి. తెల్ల కాగితం మీద గీసిన బొమ్మలకీ, నలుపు మీద రెండర్ చేసిన గ్రాఫిక్స్‌కీ అవి చక్కగా పనిచేస్తాయి. కెమెరాతో తీసిన ముఖానికి అరుదుగా.

డీఫ్రింజ్ చేసేది వేరే. అంచు పిక్సెళ్ల రంగుని తీసేసి, కొంచెం లోపల ఉన్న, బ్యాక్‌గ్రౌండ్ కలవని పిక్సెళ్ల రంగుని తెచ్చి పెడుతుంది. ఆకారాన్నీ పారదర్శకతనీ ముట్టుకోదు. కాంట్రాక్ట్ దీనికి పూర్తిగా ఉల్టా. రంగు జోలికి పోకుండా ఆకారాన్నే లోపలికి జరుపుతుంది. ఈ తేడా గుర్తుంటే మీ రెండు సమస్యలూ అర్థమవుతాయి. డీఫ్రింజ్‌కి 5 ఇస్తే, అయిదు పిక్సెళ్ల మేర అంచంతా లోపలి రంగుతో నిండిపోతుంది. విడిగా నిలిచిన వెంట్రుక మందమే రెండు మూడు పిక్సెళ్లు, దానికి ‘లోపల’ అనేదే లేదు. పక్కన ఎక్కడో దొరికిన రంగు తెచ్చి పూసేస్తుంది, వెంట్రుకలన్నీ ముద్దకట్టి ప్లాస్టిక్‌లా మెరుస్తాయి. చర్మం మీద కూడా ఆ పట్టీలో సన్నటి గరుకుదనం పోయి నున్నగా పూసినట్టు కనిపిస్తుంది. కాంట్రాక్ట్ 3 అంటే చెవికి అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు పిక్సెళ్ల వెడల్పు పోయినట్టు. చిన్న ముఖంలో చెవి తమ్మె దాదాపు అంతే ఉంటుంది.

కమాండ్ నొక్కే ముందు రెండు నిమిషాలు పరీక్షకి పెట్టండి. ముఖం లేయర్ కింద Layer > New Fill Layer > Solid Color తో ఒక నల్ల లేయర్, ఒక తెల్ల లేయర్ తాత్కాలికంగా వేయండి. 200 శాతం జూమ్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేసి అంచు వెంబడి మొత్తం తిరగండి. నలుపు మీద తెల్లగీతలు, తెలుపు మీద నల్లగీతలు బయటపడతాయి. ఇక్కడ చూడాల్సింది ఇంకొకటుంది. కింది రంగు మారినప్పుడు గీత కూడా మారుతోందా లేదా? మారుతుంటే అది సగం పారదర్శకంగా ఉన్న అంచులోంచి వస్తోంది, డీఫ్రింజ్‌తో దారికొస్తుంది. ఎలా మార్చినా అదే వెడల్పులో అలాగే ఉంటే, అది ముఖం లోపలి భాగంలోనే, పూర్తిగా నిండిన పిక్సెళ్లలో ఉంది.

ఈ రెండో రకానికి ఎక్కువగా కారణం ఫోన్ కెమెరా చేసే షార్పెనింగ్. వెలుతురూ చీకటీ కలిసే చోట, వెలుతురు వైపు మరింత తెల్లటి సన్నగీత, చీకటి వైపు మరింత నల్లటి సన్నగీత అది స్వయంగా గీస్తుంది. ముదురు బ్యాక్‌గ్రౌండ్ ముందు తీసిన ముఖమైతే ఆ తెల్లగీత చెంప లోపలే పడుతుంది. దీనికి డీఫ్రింజ్ వేస్తే లాభం లేకపోగా నష్టం, ఎందుకంటే అది ఆ గీతలోంచే రంగు తీసుకుని బయటికి పూస్తుంది. గీత సన్నబడాల్సింది పోయి లావవుతుంది. డీఫ్రింజ్ కొట్టాక హేలో, అంటే ఆ అంచు గీత, పెరిగినట్టు అనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి. దీనికి మందు ఒకటి రెండు పిక్సెళ్ల కాంట్రాక్ట్ మాత్రమే, అది కూడా చర్మం అంచులో.

ఇప్పుడు మీ ముఖం సంగతి. అసలు లేయర్‌ని Ctrl+J తో కాపీ చేసి, అసలుదాన్ని దాచేయండి. కాపీ మీదే పని చేయండి.

మీరు కట్ చేసి పేస్ట్ చేశారు కాబట్టి మాస్క్ లేదు. Layer > Layer Mask > From Transparency నొక్కితే ఉన్న పారదర్శకత మొత్తం మాస్క్‌గా మారుతుంది. ఇక్కడ ముందుగా తేల్చాల్సింది ఫెదర్ సంగతి. ఫెదర్ లేకుండా కట్ చేస్తే సగం పారదర్శకంగా ఉండే పట్టీ ఒకటి రెండు పిక్సెళ్లే. ఫెదర్ 2 అంటే అది రెండే పిక్సెళ్లు అనుకోకండి, అంచుకి రెండు వైపులా పాకుతుంది, కాబట్టి మురికి అంచు అంతకంటే బాగా వెడల్పుగా ఉంటుంది. మీకు డీఫ్రింజ్ 1, 2 తో పని జరగక 5 దాకా వెళ్లడానికి కారణం ఇదే. అంచుని మెత్తబరిస్తే హేలో కరిగిపోతుందని అందరూ ఫెదర్ పెడతారు, నిజానికి హేలోకి చోటు ఇచ్చేదే అది.

మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేసి Ctrl+L తో లెవెల్స్ తెరవండి. ఎడమవైపు నల్ల స్లయిడర్‌ని 0 నుంచి 80 దాకా మెల్లగా జరపండి. మాస్క్‌లో 80 కంటే తక్కువ ఉన్నవన్నీ పూర్తిగా మాయమవుతాయి, సగం ఉన్న పిక్సెల్ 128 నుంచి 70 దగ్గరికి దిగుతుంది. కుడివైపు తెల్ల స్లయిడర్‌ని ముట్టుకోకండి, దాన్ని లోపలికి లాగితే మురికి పిక్సెళ్లు ఇంకా గట్టిపడతాయి. నిజానికి ఇది కూడా ఒకరకం కాంట్రాక్టే. కాకపోతే పిక్సెళ్ల లెక్కన కాకుండా, ఎక్కువ బ్యాక్‌గ్రౌండ్ కలిసిన పిక్సెళ్లని ఎక్కువగా, తక్కువ కలిసినవాటిని తక్కువగా కోస్తుంది. అందుకే నాకు మామూలు కాంట్రాక్ట్ కంటే ఇదే ఇష్టం. సన్నటి వెంట్రుకలు పోవడం మొదలవ్వగానే ఆపేయండి. 80 అనేది నేను మొదలుపెట్టే అంకె మాత్రమే, మీ ఫోటోకి 60 సరిపోవచ్చు.

సెలెక్ట్ అండ్ మాస్క్‌లో ఉన్న Shift Edge ని మైనస్‌లోకి జరిపినా ఇదే తరహా ఫలితం వస్తుంది. అది మెత్తటి అంచు పట్టీ లోపలే కదులుతుంది, గట్టిగా కోసిన అంచు మీద దాని ప్రభావం పెద్దగా కనపడదు. ‘మైనస్ 50 పెట్టినా ఏమీ మారట్లేదు’ అనే వాళ్లకి చాలావరకు కారణం ఇదే.

తర్వాత దవడ. లాసో టూల్‌తో ఒక చెవి కింది నుంచి గడ్డం మీదుగా రెండో చెవి కింది దాకా అంచు మీద వెడల్పాటి పట్టీ గీయండి, మరీ జాగ్రత్తగా గీయక్కర్లేదు. ఆ లాసో సెలెక్షన్‌కి ఫెదర్ 10 ఇవ్వండి. ఇది ముఖాన్ని కట్ చేసే సెలెక్షన్ కాదు, కాబట్టి ఇక్కడ ఫెదర్ మంచిదే, కాంట్రాక్ట్ అయిన భాగం కాని భాగంలోకి మెట్టు లేకుండా కలిసిపోతుంది. మాస్క్ ఎంచుకుని ఉండగానే Filter > Other > Minimum తెరిచి, Radius 1, Preserve దగ్గర Roundness పెట్టండి. మాస్క్‌లో నలుపు ఒక పిక్సెల్ లోపలికి పాకుతుంది, దవడ అంచు మాత్రమే అంత మేర తగ్గుతుంది. చెవులు, జుట్టు అలాగే ఉంటాయి. ఒకటి ఎక్కువనిపిస్తే 0.5 కూడా ఇవ్వొచ్చు. అయ్యాక Ctrl+D తో సెలెక్షన్ తీసేయండి.

మాస్క్ వద్దు, పాత పద్ధతే కావాలంటే లేయర్ బొమ్మ మీద Ctrl+క్లిక్ చేసి, Select > Modify > Contract లో 1 ఇచ్చి, సెలెక్షన్ తిరగేసి, Shift+Alt నొక్కి లాసోతో దవడ పట్టీ గీసి అంతవరకే సెలెక్షన్ ఉంచి, డిలీట్ చేయాలి, తర్వాత Ctrl+D. అప్పుడు రెండు విషయాలు గమనించండి. తెర మీద కదిలే చుక్కల గీత 50 శాతం దాటిన పిక్సెళ్ల చుట్టూనే కనిపిస్తుంది, బయట ఇంకా మెత్తటి పిక్సెళ్లు ఉంటాయి, గీతని చూసి అంచు ఎక్కడుందో లెక్కేయొద్దు. ఇంకోటి, ముఖం కాన్వాస్ అంచుని తాకుతుంటే Apply effect at canvas bounds కి టిక్ తీసేయండి, లేకపోతే అక్కడ కూడా ఒక పిక్సెల్ సందు ఏర్పడుతుంది.

దవడ విషయంలో ఒక మాట. గడ్డం కింద ఉన్న నలుపంతా తీసేయాలని చూడకండి. అక్కడ నీడ ఉండటం సహజం. గీతలా ఒకే మందంతో అంచు వెంబడి పరిగెడుతున్నది హేలో, మెడ మీదికి మెల్లగా పలచబడేది నీడ. గీతని తీసేశాక ముఖం స్టిక్కర్ అతికించినట్టు అనిపిస్తే, ముఖం లేయర్ కింద కొత్త లేయర్ తీసుకుని, మల్టిప్లై మోడ్‌లో, మెడ మీదే ముదురు చర్మం రంగు ఎంచుకుని మెత్తటి బ్రష్‌తో పలచగా నీడ వేయండి.

ఇప్పుడు డీఫ్రింజ్ వంతు. మెనూలో అది వెలవెలబోయి నొక్కడానికి రాకపోతే కంగారు పడొద్దు. లేయర్‌కి మాస్క్ ఉన్నప్పుడు, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా ఉన్నప్పుడు అది పనిచేయదు. మాస్క్ సరిచేసిన లేయర్‌ని మళ్లీ Ctrl+J తో కాపీ చేసి, దాన్ని దాచేసి, కొత్త కాపీలో మాస్క్ మీద రైట్ క్లిక్ చేసి Apply Layer Mask ఇవ్వండి. స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే Rasterize Layer చేయాలి. ఆ తర్వాత Layer > Matting > Defringe, Width దగ్గర 1. అంతే. నల్ల లేయర్ ఆన్ చేసి చూడండి. జుట్టు చుట్టూ గీత సగానికి పైగా చచ్చిపోయి ఉంటుంది. ఇంకా బాగా కనిపిస్తుంటే Ctrl+Z చేసి 2 ఇవ్వండి. 1 కొట్టి దాని మీద మళ్లీ 1 కొట్టడం వద్దు. 2 తో కూడా పోలేదంటే కట్ చేయడంలోనే గోడ ఎక్కువ వచ్చిందన్నమాట, వెనక్కి వెళ్లి మాస్క్‌నే సరిచేయాలి, అంకె పెంచి లాభం లేదు.

జుట్టు చివర్లలో అక్కడక్కడా మెరిసే ముక్కలు మిగులుతాయి. వాటిని ఏ కమాండూ శుభ్రంగా తీయదు, చేత్తో చేయాల్సిందే. ముఖం లేయర్ పైన కొత్త ఖాళీ లేయర్ పెట్టి, Alt నొక్కి ఆ రెండు లేయర్ల మధ్య గీత మీద క్లిక్ చేయండి, క్లిప్పింగ్ మాస్క్ అవుతుంది, ఇక మీరు పూసే రంగు ముఖం ఆకారం దాటి బయటికి పోదు. ఆ లేయర్ మోడ్‌ని Darken చేయండి. పది పిక్సెళ్ల మెత్తటి బ్రష్, Opacity 30 శాతం. Alt నొక్కి అంచుకి అయిదారు పిక్సెళ్ల లోపల జుట్టు రంగుని తీసుకుని, మెరిసే చోట్ల జుట్టు పెరిగే దిశలో చిన్న చిన్నగా రాయండి. Darken మోడ్ కాబట్టి మీరు తీసుకున్న రంగు కంటే తెల్లగా ఉన్న పిక్సెళ్లే మారతాయి, ఇప్పటికే ముదురుగా ఉన్న వెంట్రుకలు చెదరవు. ప్రతి రెండు మూడు అంగుళాలకీ రంగు మళ్లీ తీసుకోండి. పాపిడి దగ్గర జుట్టు రంగు, చెవి వెనక జుట్టు రంగు ఒకటి కావు, ఒకే రంగుతో చుట్టూ తిప్పితే పెన్సిల్‌తో గీసిన అంచులా బయటపడిపోతుంది. దవడ దగ్గర నలుపు ఎక్కడైనా మిగిలితే ఇదే పద్ధతి, Lighten మోడ్‌లో, పక్కనే ఉన్న చర్మం రంగుతో.

గీత తెలుపో నలుపో కాకుండా నీలంగానో ఊదాగానో ఉంటే అది వేరే జబ్బు. లెన్స్ తెచ్చే రంగు అంచు కావచ్చు, జేపెగ్‌లో రంగు సమాచారాన్ని వెలుతురు కంటే తక్కువ వివరంతో దాచుకోవడం వల్ల పక్క రంగు లోపలికి పాకి ఉండొచ్చు. అది అయిదారు పిక్సెళ్ల లోపలి దాకా కూడా ఉంటుంది, అంత మేర కాంట్రాక్ట్ చేస్తే చెవులు మిగలవు. అలాంటిదే ఇంకో క్లిప్పింగ్ లేయర్‌ని Color మోడ్‌లో పెట్టి లోపలి రంగు పూయండి. వెలుతురు వివరం అలాగే ఉండి రంగు మాత్రమే మారుతుంది.

జింప్ వాడేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా. అందులో ఈ పేరుతో డీఫ్రింజ్ లేదు. Alpha to Selection చేసి, Select > Shrink 1, తర్వాత Select > Invert చేసి డిలీట్ చేస్తే కాంట్రాక్ట్ పని అయిపోతుంది, ఆపైన Select > None ఇవ్వండి. రంగు దిద్దడానికి లేయర్‌కి Lock alpha channel పెట్టి, అంచు వెంబడి క్లోన్ టూల్‌తో లోపలి రంగుని బయటికి లాగాలి. ఆల్ఫా లాక్ అయి ఉంటే ఆకారం మారదు కాబట్టి ఇది చేత్తో చేసే డీఫ్రింజ్ లాంటిదే.

వీటిలో దేనికీ లొంగనిది ఒకటుంది. పాత ఫోటోలో మనిషి వెనక నుంచి కిటికీ వెలుతురు గానీ దీపం గానీ పడి, చెంప అంచు నిజంగానే వెలిగిపోతుంటే, అది హేలో కాదు, అసలు వెలుతురే. పరీక్షలో అది పది, పదిహేను పిక్సెళ్ల వెడల్పుతో, ముఖానికి ఒకవైపు మాత్రమే కనిపిస్తుంది. హేలో అయితే సన్నగా, చుట్టూ ఉంటుంది. దాన్ని కోయాలని చూస్తే ముఖం సన్నబడుతుంది గానీ వెలుతురు పోదు. గ్రూప్ ఫోటోలో వెనక వెలుతురు లేకపోతే ఆ ముఖం దానికి అతకదు, వేరే ఫోటో వెతుక్కోవడమే తక్కువ పని.

ఈ పని అంతా ముఖాన్ని చిన్నది చేయకముందే, అసలు సైజులోనే చేయండి. అప్పుడు ఒక పిక్సెల్ అంటే నిజంగా ఒక పిక్సెలే. రంగులు సరిపోయాక Ctrl+T తో తగ్గించినా కొత్త హేలో పుట్టదు, అంచులో పాత గోడ లేదు కదా. తగ్గించేటప్పుడు పైన ఆప్షన్స్ బార్‌లో Interpolation దగ్గర Bicubic Sharper ఉంటే మాత్రం మార్చి మామూలు Bicubic పెట్టండి, ఎందుకంటే అది తగ్గిస్తూ తగ్గిస్తూ అంచులకి పదును పెడుతుంది, మీరు ఇప్పటిదాకా తీసేసిన గీతే మళ్లీ సన్నగా మొలుస్తుంది. మొత్తం ఫోటోకి చివర్లో షార్పెన్ చేసేటట్టయితే, ఆ షార్పెన్ లేయర్ మాస్క్‌లో ముఖం అంచు వెంబడి ఒకసారి నల్ల బ్రష్ తిప్పేయండి.